సొరుగు పట్టీ ఊడదీసేటప్పుడు పలక చీలకుండా

చి. శ్రీనుకి,

బాబాయి ఆశీస్సులు.

పెదవాల్తేరు ఇంట్లోని టేకు బీరువా రెండో సొరుగు బయటికొచ్చింది గానీ సొరుగు జారడానికి పక్కపలకకి బిగించిన ఎడమవైపు పట్టీ మాత్రం కదలడం లేదని రాశావు. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తబోతే చర్రుమని చప్పుడొచ్చిందన్నావు. అక్కడితో ఆగడం మంచిదైంది. జిగురు విడిస్తే 'టక్' మని ఒక్కసారే వినిపిస్తుంది. చర్రుమని సాగిందంటే చెక్క నార లేస్తోందని అర్థం.

ముందు ఆ రెండు చెక్కలూ ఎలా ఉన్నాయో చూడు. బీరువా పక్కపలకలో నార నిలువుగా, కింది నుంచి పైకి ఉంటుంది. పట్టీలో నార అడ్డంగా, ముందు నుంచి వెనక్కి ఉంటుంది. వాన కాలంలో ఉబ్బి, ఎండల్లో ముడుచుకునేది పలక వెడల్పు. పట్టీ పొడవు మాత్రం దాదాపు మారదు. ఆ పట్టీని ఎవరైనా పొడవునా జిగురు పూసి అంటించి ఉంటే, పలక కదలడానికి వీల్లేక ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటుంది. అలాంటి పట్టీని ఒక కొసన పట్టి ఎత్తితే పలక నార పేలికలుగా లేస్తుంది, లేదా పలకే నిలువునా విచ్చుకుంటుంది. పట్టీ పోతే చిన్న చెక్క ముక్కతో మరొకటి చేయించుకోవచ్చు, అలాంటి పలక మాత్రం మళ్ళీ దొరకదు. కాబట్టి పట్టీ ముక్కలైనా సరే, పలకకి గీత పడకూడదు.

టార్చిలైటుని పలకకి ఆనించి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకో. మైనమో పుట్టీయో నింపిన చిన్న గుంటలు కనిపిస్తే వాటి కింద స్క్రూ తలలున్నట్టే. కనిపించకపోతే పట్టీ మీద చిన్న అయస్కాంతం జరుపు, మేకున్న చోట అది పట్టుకుంటుంది. పట్టీ ముందు కొస సొరుగు ముందరి అడ్డబద్దలోకి దూరి ఉందేమో కూడా చూడు. అలా ఉంటే దాన్ని వెనక్కి జరపాలి, లేదా అక్కడ కోయాలి. ఎత్తితే రాదు.

నీ పట్టీ పదహారంగుళాలని, మూడు స్క్రూలున్నాయని రాశావు. సముద్రపు గాలికి ఇనుప స్క్రూ తుప్పు పడితే, ఆ తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుని చెక్కలో బిగుసుకుపోతుంది. నూనె పోయకు. అది తుప్పులోకి వెళ్ళే ముందే నారలోకి పాకుతుంది, తర్వాత అక్కడ జిగురు పట్టదు. హాక్సా బ్లేడు ముక్కతో స్క్రూ గాడిని అడుగుదాకా శుభ్రం చేసి, తల పైన తుప్పు గీకి, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కొన మూడు నిమిషాలు ఆనించు. ఇనుము వేడికి సాగి, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది. ఆ కదలికకి తుప్పు పట్టు విరుగుతుంది. చెక్క మాడిన వాసన వస్తే వెంటనే తీసెయ్యి. అయిదు నిమిషాలు చల్లారనిచ్చి, గాడి వెడల్పంతా నిండే స్క్రూడ్రైవర్ పెట్టి ముందు బిగించే వైపు కొంచెం తిప్పు. 'కిర్ర్' మని కదిలాకే విప్పే వైపు తిప్పు. మొదటే విప్పబోయేవాళ్ళే గాడి పాడుచేసుకుంటారు.

రెండుసార్లు వేడి చేసినా రాని స్క్రూతో కుస్తీ పట్టకు, తల కోసెయ్యడమే మేలు. గాడి మధ్యలో పంచ్‌తో చిన్న గుంట పెట్టి 5 మిల్లీమీటర్ల బిట్టుతో నెమ్మదిగా డ్రిల్ చెయ్యి. ఎనిమిదో నంబరు స్క్రూ కాడ 4 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి తల ఉంగరంలా ఊడిపోతుంది. బిట్టు కొన నుంచి 4 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టుకో, అంతకంటే లోపలికి వెళ్ళే పని లేదు. తల పోయాక పట్టీ కాడ మీదుగా వచ్చేస్తుంది. పలకలో మిగిలిన ముక్కని తర్వాత గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పుకోవచ్చు.

స్క్రూలు పోయినా పట్టీ కదలకపోతే జిగురుందన్నమాట. అంచు వెంట బ్లేడుతో గీకి రంగు చూడు. తేనె రంగులో గాజులా పెళుసుగా విరిగితే పాతకాలపు కాచిన జిగురు, గోరువెచ్చని నీళ్ళకి మెత్తబడుతుంది. రబ్బరులా సాగితే ఫెవికాల్ లాంటిది, దానికి వేడి కావాలి. ఏదైనా సరే, గుడ్డని వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండి, పట్టీ పైన పది నిమిషాలు కప్పి ఉంచు. బయటి పాలిష్ మీదికి తడి పోకుండా చూసుకో, తెల్ల మచ్చ పడుతుంది. తర్వాత పలుచటి పుట్టీ బ్లేడుని వెనక కొస నుంచి దూర్చు. చెక్క సుత్తితో ఒకటి రెండు మెల్లటి దెబ్బలు చాలు. విడిన చోట వెదురు బద్దని పలుచగా చెక్కి నొక్కి ఉంచు. అది చోటు కాపాడుతుంటే బ్లేడుని ఇంకొంచెం ముందుకి జరుపు. ఎత్తవద్దు. బ్లేడుని మీటగా వాడకుండా పలకకి ఆనించే జరపాలి.

నీకు ఇప్పటికే నార లేచింది కనుక, ముందు కొసన మూడంగుళాలు ఇంకా అంటుకుని ఉంటే మొండికెయ్యకు. పట్టీని స్క్రూల మధ్య అడ్డంగా రెండు చోట్ల సన్నటి రంపంతో కొయ్యి. లోపల 2 మిల్లీమీటర్లు మిగిల్చి ఆపు, పళ్ళు పలకకి తగలకూడదు. తర్వాత ఉలిని పట్టీ కొసన పెట్టి దాని నార వెంబడి పొరలు పొరలుగా చీల్చు. పట్టీ నార అడ్డంగా ఉంది కాబట్టి చీలిక పట్టీలోనే పరిగెడుతుంది, పలకలోకి దిగదు. చివరి పొరని తడిగుడ్డతో మెత్తబరచి గీకెయ్యి.

లేచిన నార పేలికని పీకకు. దాని కిందకి పలుచటి జిగురు దించి, ప్లాస్టిక్ కాగితం పెట్టి, చదునైన చెక్క ముక్క పైన క్లాంపు బిగించి ఒక రోజు వదిలెయ్యి. పలకలో నిజంగానే వెంట్రుకంత చీలిక కనిపిస్తే ముందు దాన్ని అతికించుకో, ఆ తర్వాతే మిగతా స్క్రూల జోలికి వెళ్ళు.

కొత్త పట్టీ వేసేటప్పుడు జిగురు ముందు కొసన రెండంగుళాలకే రాయి. ముందరి స్క్రూ గట్టిగా బిగించి, మిగతా రెండింటికీ రంధ్రాలని పట్టీ పొడవు దిక్కున కోలగా చేస్తే పలక కదలడానికి వీలుంటుంది. పాత రంధ్రాలు వదులైతే టేకు పుల్లని జిగురుతో కొట్టి నింపి మళ్ళీ డ్రిల్ చెయ్యి. మన గాలికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే తీసుకో. ఇత్తడివి కావాలంటే ముందు అదే కొలత ఇనుప స్క్రూ ఎక్కించి తీసి, దారి పడ్డాక కొవ్వొత్తి మైనం రాసి ఇత్తడిది ఎక్కించు. లేకపోతే మెడ దగ్గర తెగుతుంది. పట్టీ ముప్పావంగుళం, పలక ముప్పావంగుళం కాబట్టి కొట్లో ఎనిమిది నంబరు, అంగుళంబావు అని అడుగు. ఒకటిన్నర ఇస్తే వద్దను, కొన బీరువా బయటికి పొడుచుకొస్తుంది.

ఇట్లు,
బాబాయి