శాతాలు 100.1 వచ్చినా పట్టిక సరైనదే కావచ్చు

ప్రశ్న: మాది కడప. బెంగళూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇక్కడి ఒక సర్వే సంస్థలో ఇంటర్న్‌షిప్ కోసం పెట్టిన పరీక్షలో 2011 జనాభా లెక్కల వయసు పట్టికలు రెండు ఇచ్చి, ఏది తప్పో చెప్పమన్నారు. ఒకదానిలో శాతాలు కలిపితే 100.1 వచ్చాయి. అదే తప్పని, 100.0 వచ్చినది సరైనదని రాశాను. నన్ను తీసుకోలేదు. నా పొరపాటేమిటి? ఈ పని బాగా నేర్చుకుంటే ఉద్యోగానికి ఉపయోగపడుతుందా?

జవాబు: మీరు శాతాలతో మొదలుపెట్టారు. మొదలుపెట్టవలసింది మనుషుల సంఖ్యలతో. సంఖ్యలు పూర్ణాంకాలు కాబట్టి వాటి మొత్తం ఒక్క మనిషి తేడా లేకుండా సరిపోవాలి. శాతాలను ఒకటి రెండు దశాంశ స్థానాలతో, పైకో కిందికో దగ్గరి అంకెకు కుదించి వేస్తారు కాబట్టి వాటి మొత్తం కొద్దిగా అటూ ఇటూ కావచ్చు. ఈ రెండు పరీక్షలకూ ఒకే కొలబద్ద పెట్టడం వల్లనే సరైన పట్టిక మీకు తప్పుగా కనిపించి ఉంటుంది.

మీకిచ్చిన పట్టికలు నా ముందు లేవు కాబట్టి, 2011 జనాభా లెక్కల సి-14 పట్టికలోని దేశం మొత్తం అంకెలతోనే చూపిస్తాను. 15 ఏళ్ల లోపువారు, అంటే 0 నుంచి 14 వరకు, 37,24,44,116 మంది. 15 నుంచి 59 ఏళ్లవారు 73,00,72,019 మంది. 60 నిండినవారు 10,38,49,040 మంది. వీరుగాక, వయసు తెలపనివారు 44,89,802 మంది ఉన్నారు. ఈ నాలుగు వరుసలనూ కలిపితే 121,08,54,977 వస్తుంది. ప్రకటించిన దేశ జనాభా కూడా సరిగ్గా అంతే. మొదటి పరీక్ష ఇక్కడితో పూర్తయింది.

ఇప్పుడు అదే మొత్తంతో భాగించి శాతాలు తీస్తే 30.759, 60.294, 8.577, 0.371 వస్తాయి. ఒకే దశాంశ స్థానానికి కుదిస్తే ఇవి 30.8, 60.3, 8.6, 0.4 అవుతాయి. గమనించండి, నాలుగు అంకెలూ పైకే జరిగాయి, ఒక్కటీ కిందికి రాలేదు. అందుకే వాటి మొత్తం 100.1 అయింది. రెండు దశాంశ స్థానాలు ఉంచి 30.76, 60.29, 8.58, 0.37 అని వేస్తే కచ్చితంగా 100.00 వస్తుంది. అంటే ఈ పట్టికలో ఏ దోషమూ లేదు. అడుగున ‘కుదింపు వల్ల మొత్తం 100 కాకపోవచ్చు’ అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. మొత్తం 100.0 రావాలని ఎవరో 60.3ని 60.2గా మార్చడం మాత్రం నిజమైన తప్పు, ఎందుకంటే అప్పటిదాకా సరిగా ఉన్న అంకె అబద్ధమవుతుంది.

ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు అన్నదానికి హద్దు ఉంది. ఒక దశాంశ స్థానానికి కుదించినప్పుడు ఒక్కో వరుసలో తేడా 0.05కు మించదు కాబట్టి, నాలుగు వరుసల్లో కలిపి 0.2కు మించకూడదు. ఐదేళ్ల వర్గాలతో 18 వరుసలున్న పట్టికలో ఈ హద్దు 0.9 దాకా పోతుంది గాని, కొన్ని పైకీ కొన్ని కిందికీ జరిగి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి కాబట్టి, 0.3 దాటితే నేనైతే సంఖ్యల నుంచి శాతాలన్నీ మళ్లీ కడతాను.

ఇక 100.0 వచ్చిన పట్టిక సంగతి. వయసు తెలపనివారి వరుసను తీసేసి, మిగిలిన 120,63,65,175 మందితో భాగిస్తే 30.9, 60.5, 8.6 వస్తాయి, వాటి మొత్తం 100.0. చూడటానికి నిండుగా ఉంటుంది. కానీ పై వరుసలో జనాభా 121,08,54,977 అనే రాసి ఉంటే, వర్గాల మొత్తం దానికి 44,89,802 తక్కువ పడుతుంది. వయసు తెలిపినవారిలో శాతం తీయడం తప్పేమీ కాదు, చాలా నివేదికల్లో అలాగే చేస్తారు. అయితే భాగించిన సంఖ్య ఏదో పట్టికలోనే చెప్పాలి.

దీన్ని పట్టుకోవడానికి శాతాన్ని వెనక్కి గుణించి చూడండి. 121,08,54,977లో 60.5 శాతం అంటే సుమారు 73 కోట్ల 26 లక్షలు. పట్టికలో ఉన్నది 73 కోట్ల 72 వేల చిల్లర. తేడా దాదాపు 25 లక్షలు. కుదింపు వల్ల రాగల తేడా ఇక్కడ 6 లక్షలకు కాస్త ఎక్కువ, అంతకు మించదు. కాబట్టి ఆ శాతం ఈ జనాభా మీద కట్టినది కాదని తేలిపోతుంది. శాతాలను కూడి చూస్తే ఈ దోషం ఎన్నటికీ బయటపడదు.

సంఖ్యల మొత్తం తప్పినప్పుడు ఆ తేడానే చేతిలోకి తీసుకుని చూడాలి, చాలాసార్లు కారణం అందులోనే ఉంటుంది. తేడా 6,61,555 అయితే ఎవరో 2011 తొలి తాత్కాలిక జనాభా 121,01,93,422ను తుది వయసు పట్టిక పక్కన పెట్టారన్నమాట. తేడా 9తో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడండి: 40–44 వర్గపు 7,24,38,112ను 7,42,38,112 అని టైపు చేస్తే తేడా 18,00,000 వస్తుంది. తేడా ఏదో ఒక వరుసకు సరిగ్గా సమానమైతే ఆ వరుస కూడికలో రాలేదు, లేదా రెండుసార్లు వచ్చింది.

ఈ చివరి రకం నాకు స్వయంగా తగిలింది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను బెంగళూరులోనే ఒక పరిశోధన సంస్థలో పట్టికలు సరిచూసే పని చేశాను. ఒక సాయంత్రం మొత్తం సరిగ్గా 1,12,89,005 తగ్గింది. 80 నిండినవారి సంఖ్య అదే. వరుస కళ్ల ముందే ఉంది, అంకె కూడా సరైనదే. కానీ మిగతా అంకెలన్నీ గడిలో కుడివైపు ఉంటే అది ఒక్కటే ఎడమవైపు అంటుకుని ఉంది. ఎక్కడినుంచో కాపీ చేసినప్పుడు అది అక్షరాలుగా నిలిచిపోయింది, `=SUM(B2:B19)` అలాంటి గడిని లెక్కలోకి తీసుకోకుండా దాటిపోతుంది. అప్పటినుంచి కూడికకు ముందు `=COUNT(B2:B19)` వేసి, 18 వరుసలకు 18 వస్తోందా అని చూసుకోవడం నాకు అలవాటైంది.

మొత్తం సరిపోయినా లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని ఉండవచ్చు. అందుకే ప్రతి వయసు వర్గంలోనూ పురుషులు, స్త్రీలు కలిసి వ్యక్తుల సంఖ్యకు సమానమవుతున్నారా అని అడ్డంగా కూడా కూడాలి. 30, 35, 40 అని సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకెల్లో వయసు చెప్పేవారి వల్ల వచ్చే వంకరను మాత్రం ఏ కూడికా పట్టలేదు, దానికి వేరే పరీక్షలున్నాయి.

ఉద్యోగం విషయానికొస్తే, సర్వే సంస్థల్లో కొత్తవారి చేతికి మొదట వచ్చే పనుల్లో ఇది ఒకటి. పరీక్షలో ‘తప్పు’ అని ఒక్క మాట రాయడం చాలదు: తేడా ఎంత, అది కుదింపు హద్దులో ఉందా, కారణం ఏమై ఉంటుంది, ఏ అంకెను దేనితో పోల్చి నిర్ధారించాలి అన్న నాలుగు వాక్యాలు కావాలి. ఈ రంగంలో ముందుకు వెళ్లాలనుకుంటే ముంబైలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థలో పీజీ ఉంది. మీరున్న ఊళ్లోనే, నాగరబావిలోని సామాజిక ఆర్థిక పరివర్తన అధ్యయన సంస్థలో జనాభా పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. అంతకంటే ముందు ఈ ఆదివారం జనాభా లెక్కల వెబ్‌సైటు నుంచి కర్ణాటక సి-14 పట్టికను దించుకుని, ఒక్కో జిల్లాకూ వయసు తెలపనివారి వరుసతో ఒకసారి, అది లేకుండా మరోసారి శాతాలు కట్టి, రెండింటి తేడా ఏ జిల్లాలో ఎక్కువగా ఉందో రాసి పెట్టుకోండి. తర్వాతి ఇంటర్వ్యూకు ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.