సెక్షన్ల వరుస మార్చుదామని సీనియర్లకు మెయిల్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: సార్, నేను పోస్ట్‌డాక్‌ని. నల్గొండ బావుల నీటిలో ఫ్లోరైడ్ మీద ఐదుగురం పేపర్ రాస్తున్నాం, మొదటి పేరు నాదే. మేం పని చేసిన క్రమంలోనే డ్రాఫ్ట్ ఉంది: ముందు సీజన్ల తేడా, తర్వాత మ్యాపు, చివర్లో కారణం. ఈ వరుస మార్చి, ఎవరు ఏది రాయాలో పంచాలి. ఇద్దరు నాకంటే బాగా సీనియర్లు. ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ ప్రొఫెసర్ గారితో ఫోన్లో ఒక మాట అనుకోండి. ఆయనకూ మిగతా వాళ్లతోపాటే మెయిల్‌లో తెలిస్తే, మంచి ప్రతిపాదన కూడా అక్కడే ఆగిపోతుంది.

మెయిల్‌లో "ఇలా అయితే చదవడానికి బాగుంటుంది" అని రాయకండి. అది మీ ఇష్టంలా కనిపిస్తుంది, సీనియర్ల ఇష్టం వేరే ఉంటుంది. కారణం మీ డేటాలోనే ఉంది. ఎండకు నీరు ఆవిరైనప్పుడు కాల్షియం కాల్సైట్‌గా విడిపోతుంది. నీటిలో కాల్షియం తగ్గితే గ్రానైట్‌లోని ఫ్లోరైట్ ఇంకా కరిగి, ఫ్లోరైడ్ పెరుగుతుంది. ఈ సంగతి తెలియని రివ్యూయర్‌కు మీ సీజన్ల గ్రాఫ్ ఊరికే ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అందుకే కారణం ముందు, సీజన్లు తర్వాత రావాలి. మీరు ఎలాగూ ఇంగ్లీష్‌లోనే రాస్తారు కానీ, సారం ఇలా ఉండాలి:

> "ఫలితాలను ఈ వరుసలో పెడదామని నా ప్రతిపాదన: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బావుల మ్యాపు (ఇప్పటి ఫిగర్ 3), కాల్షియం–ఫ్లోరైడ్ సంబంధం (ఫిగర్ 4), సీజన్ల తేడా (ఫిగర్ 2). సీజన్ల తేడాకు కారణం ఫిగర్ 4లో ఉంది కాబట్టి అది ముందుండాలి. మ్యాపు, శాంపిళ్ల సేకరణ నేను రాస్తాను. రసాయన భాగం మేడమ్ గారు, ల్యాబ్ పద్ధతి కొలతలు చేసిన స్కాలర్, సీజన్ల భాగం సార్ రాస్తే బాగుంటుంది. డిస్కషన్ మొదటి డ్రాఫ్ట్ నేనే రాసి ప్రొఫెసర్ గారికి ఇస్తాను. రచయితల పేర్ల వరుసలో మార్పు లేదు. శుక్రవారంలోగా అభ్యంతరం చెప్పకపోతే ఈ వరుసతోనే మొదలుపెడతాను."

పేర్ల గురించిన ఆ ఒక్క వాక్యం తీసేయకండి. పని పంచుతున్నారనగానే చాలామందికి ముందు వచ్చే అనుమానం అదే. అలాగే "అందరూ ఒకసారి చూడండి" అని వదిలేస్తే ఎవరూ చూడరు. ప్రతి భాగానికీ ఒక్కరి పేరే ఉండాలి. కొలతలు చేసినవాళ్లే పద్ధతి రాయాలి. ఏ ఎలక్ట్రోడ్, ఏ బఫర్ వాడారో వేరేవాళ్లు ఊహించి రాస్తే తప్పులు అక్కడే దొర్లుతాయి.

మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం సెక్షన్ల వరుస వరకే. జర్నల్‌కు పంపే చివరి ప్రతికి మాత్రం ఐదుగురూ "సరే" అని రాసి పంపాలి.

వరుస మారాక ఫైలు ఒక్కరి చేతిలోనే, అంటే మీ దగ్గరే ఉంచుకోండి. ఫిగర్ 3 ఇప్పుడు ఫిగర్ 2 అవుతుంది. సప్లిమెంట్‌లో, క్యాప్షన్లలో పాత నంబర్లు మిగిలిపోతాయి. పొట్టి పేర్లను మొదటిసారి విడమర్చి చెప్పిన చోటు కూడా వెనక్కి జరిగిపోయి, అవి అంతకు ముందే వచ్చేసి ఉంటాయి. పంపే ముందు ప్రింట్ తీసి, పెన్నుతో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ చూడండి.