ముఖం చెదరకుండా అనిమే బొమ్మకు బట్టలు మార్చడం

నా అనిమే పాత్రకు స్కూల్ యూనిఫాం తీసేసి లంగా ఓణీ వేయాలి. ముఖం, గీతలు అచ్చం అలాగే ఉండాలంటే ఎలా?

ముఖాన్ని అసలు ముట్టుకోవద్దు. కన్ను వెంట్రుకవాసి జరిగినా మనిషే మారిపోతుంది. క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ లేయర్‌కు కాపీ తీసి, అసలుది దాచేయండి. కాపీకి ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ పెట్టి, యూనిఫాం మీద నలుపు పూస్తే అంతమేరా మాయమవుతుంది. లంగా వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి చుట్టూ ఉన్న బ్యాక్‌గ్రౌండ్‌నూ కొంత దాచాలి. కొత్త బట్టలు కింది లేయర్‌లో గీయండి, భుజం మీది జుట్టు దానంతటదే ఓణీ పైకి వస్తుంది. జుట్టు అంచున పాత కాలర్ తెల్లగా మిగిలితే మాస్క్‌ను ఇంకాస్త లోపలికి జరపండి. బ్రష్ సైజు గడ్డం గీత మందానికి సరిపోవాలి. లేదంటే బట్టలు అతికించినట్టుంటాయి.

చివర్లో అసలు లేయర్‌ను అన్నిటికంటే పైన పెట్టి, మళ్లీ కనిపించేలా చేసి, బ్లెండింగ్ మోడ్ `Difference` చేయండి. ముఖం పూర్తిగా నల్లగా కనిపిస్తే ఒక్క పిక్సెల్ కూడా మారలేదన్నమాట.