ఫండ్ కోలుకున్నా నిధి ఎందుకు కోలుకోలేదు?

ప్రశ్న: పదవీ విరమణ నిధిలోంచి క్రమం తప్పకుండా ఒకే మొత్తం తీసుకుంటున్నాను. మొదటి రెండేళ్లు మార్కెట్ బాగా పడింది, తర్వాత కోలుకుంది. ఫండ్ ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, నేను మొదలుపెట్టిన నాటి కంటే ఎక్కువే ఉంది. నా నిధి మాత్రం బాగా తగ్గిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ వల్ల పొరపాటేమీ జరగలేదు. పడిన ధరకు అమ్మిన యూనిట్లు, ధర తిరిగి పెరిగే నాటికి మీ ఖాతాలో లేవు. నష్టమంతా అక్కడే ఉంది.

ఒక లెక్క చూద్దాం. ఎన్‌ఏవీ 10 ఉన్నప్పుడు 100 యూనిట్లతో, అంటే 1,000 నిధితో మొదలుపెట్టి, ప్రతి ఏడాది ఆరంభంలో 60 తీసుకుంటున్నారనుకోండి. అయిదేళ్ల రాబడులు వరుసగా 20 శాతం నష్టం, 10 శాతం నష్టం, ఆపై 10, 20, 25 శాతం లాభం. మొదటిసారి 60 కోసం 6 యూనిట్లు అమ్మితే సరిపోయింది. ఎన్‌ఏవీ 8కి పడ్డాక అదే 60 కోసం 7.5 యూనిట్లు, 7.20కి దిగాక 8.33 యూనిట్లు అమ్మవలసి వచ్చింది. అయిదేళ్ల చివర ఎన్‌ఏవీ 11.88కి చేరినా, చేతిలో మిగిలినవి సుమారు 64 యూనిట్లే కనుక నిధి విలువ 763 దగ్గర ఆగిపోయింది. ఇవే రాబడులు తలకిందులుగా, మంచి ఏళ్లు ముందు వచ్చి ఉంటే, చివరి ఎన్‌ఏవీ అదే 11.88 అయినా 77 యూనిట్లకు పైగా మిగిలి, నిధి సుమారు 921 ఉండేది. ఏమీ తీసుకోకుండా వదిలేసిన వారికి ఈ రెండు వరుసలకూ తేడా ఉండదు. అందుకే సగటు రాబడిని మాత్రమే చూపించే అంచనా పట్టికలను, డబ్బు తీసుకుంటున్నవారు నమ్ముకోకూడదని నేను గట్టిగా చెబుతాను.

దెబ్బ అక్కడితో ఆగదు. మొదట్లో 60 అంటే నిధిలో 6 శాతం. ఇప్పుడు 763లో అది దాదాపు 7.9 శాతం. ఇకపై నిధి తరగకుండా ఉండాలంటే ఫండ్ అంతకంటే ఎక్కువ సంపాదించాలి, ధరల పెరుగుదలకు తగ్గట్టు మీరు తీసుకునే మొత్తాన్ని పెంచితే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఏటా ఒకే తేదీన, ఆ ఏడాది తీసుకోబోయే మొత్తాన్ని అప్పటి నిధి విలువతో భాగించి చూడండి. ఆ శాతం ఏడాదికేడాది పెరుగుతుంటే, పదో వంతు తగ్గించి తీసుకోవడం, కనీసం ధరల పెరుగుదల కోసం ఇచ్చుకునే పెంపును ఆపడం ఇప్పుడే మొదలుపెట్టాలి. పోయినదాన్ని రాబట్టాలని మరింత రిస్కున్న ఫండ్లలోకి మాత్రం మారవద్దు. మరో పతనం వస్తే ఇదే నష్టం ఇంతకంటే చిన్న నిధి మీద పడుతుంది.

మార్కెట్ బాగున్న ఈ సమయంలోనే రెండేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బును డిపాజిట్లలోకి మార్చుకోండి. అది తక్కువే సంపాదిస్తుంది, మార్కెట్ ఎగబాకే ఏళ్లలో వెలితిగానూ అనిపిస్తుంది. కానీ ఎన్‌ఏవీ పడినప్పుడు యూనిట్లను ముట్టుకోకుండా అందులోంచి ఖర్చు పెట్టుకోవచ్చు. పతనం రెండేళ్లకు మించి సాగితే మాత్రం ఆ డబ్బు అయిపోతుంది కనుక, తీసుకునే మొత్తాన్ని తగ్గించుకునే వీలు మీ ఖర్చుల్లో ఎక్కడుందో ముందే గుర్తించి పెట్టుకోవాలి.