నాలుగు రోజుల్లో అచ్చయ్యే పేపరుకు డబ్బు కట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఆకు ఫోటో చూసి మిరప, టమాటా తెగుళ్లను గుర్తించే ప్రాజెక్టు చేస్తున్నాడు. పేపరు పబ్లిష్ అయితే ఎంఎస్ సీటు ఖాయమంటూ కన్సల్టెన్సీ వాళ్లు నాలుగు రోజుల్లో వేసే జర్నల్ ఒకటి చూపించారు. డబ్బు కట్టమంటారా? మంచి పేపర్లు చదువుదామంటే ఒక్కోదానికి 35 డాలర్లు అడుగుతున్నారు. వేరే దారి ఉందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కట్టకండి. తోటి పిల్లల రెజ్యూమెల్లో రెండు మూడు పేపర్లు కనిపిస్తుంటే మీకు దిగులు కలగడం సహజమే. అయితే తరగతి పాఠాలు, ప్రాజెక్టులతో పూర్తయ్యే మామూలు ఎంఎస్‌కు అచ్చయిన పరిశోధన పత్రం ఉండి తీరాలని అడిగే విశ్వవిద్యాలయాలు అరుదు. మీ అబ్బాయి దగ్గర పేపరు లేనంత మాత్రాన అతని దరఖాస్తు పక్కకు పోదు. రేపు పీహెచ్‌డీ వైపు వెళితే మాత్రం ప్రొఫెసర్లు పత్రాన్ని నిజంగానే తెరిచి చదువుతారు, అది ఎక్కడ అచ్చయిందో కూడా చూస్తారు. అక్కడ ఇలాంటి జర్నల్ పేరు కనిపించడం కన్నా ఏదీ లేకపోవడమే మేలు.

బీటెక్‌లోనే పేపరు ఉండాలనే ఈ కొత్త ఒరవడి మీద నాకు మొదటినుంచీ అనుమానాలున్నాయి. పరిశోధన పత్రానికి విలువ అచ్చు వల్ల రాదు, అచ్చుకు ముందు ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి వేసే ప్రశ్నల వల్ల వస్తుంది. ఆ సమీక్షకు సాధారణంగా నెలలు పడుతుంది. నాలుగు రోజుల్లో అచ్చవుతుందంటే దాన్ని ఎవరూ చదవలేదని అర్థం. కోచింగ్ ఫీజు కట్టినట్టే పేపరు ఫీజూ కట్టేస్తే బాధ్యత తీరిపోతుందని మీరు అనుకోవడం నాకు నచ్చలేదండీ. ఆ ప్రాజెక్టులో ఏం తేలిందని మీ అబ్బాయిని ఒక్కసారైనా అడిగారా?

అతని ప్రాజెక్టునే తీసుకుందాం. ఈ పని చేసే విద్యార్థుల్లో ఎక్కువమంది ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత ఫోటోల సేకరణను వాడతారు. దాని మీద 2016లో ఫ్రాంటియర్స్ ఇన్ ప్లాంట్ సైన్స్ అనే పత్రికలో వచ్చిన, ఎవరైనా ఉచితంగా చదువుకోగల పత్రం ఒకటి ఉంది. 14 పంటలకు చెందిన 54,306 ఫోటోలతో నేర్పిన కంప్యూటర్ నమూనా, అదే సేకరణలో పక్కన పెట్టిన ఫోటోల మీద 99 శాతానికి పైగా సరిగ్గా గుర్తించింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చేసరికి అది 31 శాతం దగ్గరకు పడిపోయింది. ఆ మాటను రచయితలే పత్రంలో రాశారు. ప్లాంట్‌విలేజ్ ఫోటోల్లో ఆకును తెంపి, ఒంటి రంగు నేపథ్యం మీద పెట్టి తీశారు గనుక చేలో నీడలు, దుమ్ము, పక్క ఆకులు అడ్డొచ్చేసరికి నమూనా తడబడుతుంది. పైగా అందులో క్యాప్సికం ఉంది గానీ మన గుంటూరు మిరప లేదు. డబ్బు తీసుకుని వేసే జర్నళ్లలో ‘99 శాతం కచ్చితత్వం’ అంటూ ఇదే పని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, ఈ చిక్కు గురించి అందులో ఒక్క వాక్యమూ ఉండదు.

ఇలాంటి మంచి పత్రాలు చదవడానికి 35 డాలర్లు కట్టే అవసరం చాలాసార్లు రాదు. పత్రం పూర్తి పేరును గూగుల్ స్కాలర్‌లో వెతికినప్పుడు ఫలితానికి కుడివైపు [PDF] అని కనిపిస్తే అది ఉచిత ప్రతి. అక్కడ లేకపోతే ఫలితం కింద ఉండే All versions అనే లింకు నొక్కి చూడమనండి. ప్రచురణకర్త పేజీ డబ్బు అడుగుతున్నా, రచయితలు తమ ప్రతిని పత్రాలను ఉచితంగా ఉంచే arXiv అనే వెబ్‌సైటులోనో తమ విశ్వవిద్యాలయ భాండాగారంలోనో న్యాయబద్ధంగా పెట్టి ఉండటం కంప్యూటర్ సైన్స్‌లో మామూలే. అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను బ్రౌజర్‌కు తగిలించుకుంటే ఆ వెతుకులాట అదే చేస్తుంది. ఉచిత ప్రతి దొరికితే పేజీ పక్కన ఆకుపచ్చ తాళం గుర్తు వస్తుంది. ఎక్కడా దొరకనప్పుడు, పత్రం సారాంశం దగ్గర ఉండే రచయిత ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాస్తే చాలామంది ప్రతి పంపిస్తారు. చందా పత్రికలను విద్యార్థులు చదువుకునేలా 2025 జనవరి 1న కేంద్రం మొదలుపెట్టిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ సంస్థల కోసం ప్రారంభమైనది కాబట్టి, ప్రైవేటు కాలేజీలో చదివే మీ అబ్బాయి దాని మీద ఆశ పెట్టుకోకుండా ఈ దారులే నమ్ముకోవడం మంచిది.

ఇక కన్సల్టెన్సీ చూపిన జర్నల్‌ను మీ ఇద్దరూ కలిసి కూర్చుని పరీక్షించండి. దానికి ఐఎస్ఎస్ఎన్ ఉందని వాళ్లు గొప్పగా చెబుతారు. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన నడిపేవాడికి లైసెన్సు ఉన్నట్టు కాదు. అది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే. అయితే ఆ సంఖ్య వెతకడానికి పనికొస్తుంది. అందరూ ఉచితంగా చదవగల పత్రికల జాబితా doaj.orgలో ఉంది. అది తెరిచి 1664-462X అని టైపు చేస్తే నేను పైన చెప్పిన పత్రిక వివరాలు, అది వసూలు చేసే ఫీజుతో సహా వస్తాయి. అలాగే మీ జర్నల్ సంఖ్యనూ వెతకండి. పేరుతో కాకుండా సంఖ్యతో వెతకమనడానికి కారణం, పేరున్న పత్రికలను పోలిన పేర్లతో వెలిసే జర్నళ్లు చాలా ఉండటమే. ఆ జాబితాలో లేని ప్రతిదీ మోసం కాదు, ఎందుకంటే చందా కట్టి చదివే పత్రికలు అందులో ఉండవు. వాటి కోసం పరిశోధన పత్రికలను ఎంచి చేర్చుకునే స్కోపస్ అనే సూచీని scopus.com/sources లో తెరిచి అదే సంఖ్యతో చూడండి. అక్కడ పత్రిక పేరు కనిపించినా తొందరపడకుండా, ఏ సంవత్సరం దాకా చేర్చుకున్నారో చదవండి. జాబితా నుంచి ఎప్పుడో తీసేసిన జర్నళ్లు కూడా ‘స్కోపస్ ఇండెక్స్‌డ్’ అనే ముద్రను తమ ముఖపేజీ మీద అలాగే ఉంచుకుంటాయి.

‘యూజీసీ కేర్ ఆమోదం’ అనే ముద్ర సంగతీ అంతే. కేర్ అంటే యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా, దాన్ని ఆపేస్తున్నట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. తర్వాత ఆ జర్నల్ పాత సంచిక ఒకటి తెరిచి, ఏదైనా పత్రం మీద ఉన్న డీఓఐని, అంటే ఆ ఒక్క పత్రానికే ఇచ్చే గుర్తింపు సంఖ్యను, doi.org/ తర్వాత చేర్చి చూడండి. 2016 నాటి ఆ పత్రానికి doi.org/10.3389/fpls.2016.01419 అని కొడితే నేరుగా పత్రమే తెరుచుకుంటుంది. మీ జర్నల్ పత్రం డీఓఐకి ఏమీ దొరకలేదనే పేజీ వస్తే అది ఊరికే అచ్చేసిన అంకెల వరుసై ఉండవచ్చు. ఒకే సంచికలో కాంక్రీటు, ఆయుర్వేదం, జీఎస్టీ, తెలుగు నవల పక్కపక్కన కనిపిస్తే ఆపై పరీక్షలు అక్కరలేదు.

ఫీజు అడగడమే మోసానికి గుర్తని మాత్రం అనుకోకండి. అందరూ ఉచితంగా చదివే మంచి పత్రికల్లోనూ చాలావాటికి రచయితలే ఫీజు కట్టాలి. అది కూడా అక్కరలేనివి కావాలంటే doaj.orgలో Without fees అనే వడపోత ఉంది.

మీ ఉత్తరంలో లేకపోయినా నన్ను భయపెట్టే సంగతి ఒకటుంది. ఒకసారి పంపిన పత్రాన్ని ఇలాంటి జర్నళ్లు తేలిగ్గా వదలవు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గురించి తప్పుడు మాటలు చెప్పడం, ఫీజు సంగతి ముందుగా చెప్పకపోవడంతో పాటు పత్రాలను వెనక్కి తీసుకోనివ్వకపోవడమూ ఆ ఫిర్యాదులో ఉంది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. ఒకచోట అచ్చయిన పత్రాన్ని మంచి పత్రికలు మళ్లీ తీసుకోవు కాబట్టి, మీ అబ్బాయి అసలు పని అక్కడితో చిక్కుకుపోతుంది.

కాబట్టి అబ్బాయి ఇప్పటికే పత్రం పంపాడేమో ఈ రాత్రే కనుక్కోండి. పంపి ఉంటే కాపీరైట్ ఫారం మీద సంతకం చేయవద్దనండి, డబ్బు కట్టవద్దనండి. పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నానని, ప్రచురణకు తన అంగీకారం లేదని ఈమెయిల్ పెట్టించి, దాని ప్రతిని గైడ్‌కు కూడా పంపించండి. ఉపసంహరణకు రుసుము అడిగినా ఇవ్వకండి. పంపకపోతే మరీ మంచిది. ఈ సీజన్‌లో మీ జిల్లా చేలలోనే నాలుగైదు వందల మిరప ఆకుల ఫోటోలు తీయించి, వాటిలోని తెగుళ్ల పేర్లు వ్యవసాయాధికారి చేత సరిచూపించి, తన నమూనా కచ్చితత్వం వాటి మీద ఎంత పడిపోయిందో ప్రాజెక్టు రిపోర్టులో రాయమనండి. ఎంఎస్ దరఖాస్తుతో పాటు తన గురించి రాసి పంపే ఎస్‌ఓపీలో ఆ పేరా పెట్టుకోవచ్చు.