గది కొలత మధ్యలో మారుస్తున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

మేస్త్రీకి ఇవ్వాలని నువ్వు రాసుకున్న కాగితం చదివాను. "గది రెండడుగులు పెంచండి, ఇటుక, సిమెంటు ఎంత పెరుగుతాయో చెప్పండి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దాన్ని అలాగే ఇవ్వకు. రెండడుగులు ఎటు పెంచాలి, ఏ గోడ జరగాలి, ఆ కొలత గది లోపలిదా బయటిదా అన్నది అందులో లేదు. ఆ కాగితం చేతికొస్తే ఎంత మంచి మేస్త్రీ అయినా తన ఊహ ప్రకారమే ముగ్గు పోస్తాడు. తరువాత ఎవరి ఊహ సరైనదని మీరిద్దరూ వాదించుకోవాల్సి వస్తుంది.

ముందు మేస్త్రీకి ఫోన్ చేసి ఆ గది దగ్గర పని ఆపమను. నువ్వు ఆలోచిస్తున్న పూట కూడా అక్కడ వరసలు లేస్తూనే ఉంటాయి. మిగతా గదుల్లో పని సాగనివ్వు, కూలీలు ఖాళీగా కూర్చోకూడదు. ఈలోపు మరో రెండు సంగతులు తేల్చుకో. బయటికి జరగడానికి ప్లాను ప్రకారం వదలాల్సిన ఖాళీ స్థలం మిగులుతుందా? స్లాబుకు కడ్డీలు లెక్కగట్టిన ఇంజినీరు ఈ మార్పుకు ఒప్పుకున్నాడా? గదికి చిన్న వైపు పది అడుగులు ఉన్నది ఇప్పుడు పన్నెండు అవుతోంది. ఆ దూరానికి స్లాబు మందం, కడ్డీల దగ్గరతనం మళ్లీ చూడాల్సింది ఇంజినీరే. ఆ మాట మేస్త్రీ నోట చెప్పించుకోవద్దు. మీది గోడల మీద నిలిచే ఇల్లు కాబట్టి గోడ జరపడం అన్న మాట వస్తోంది. పిల్లర్ల ఇల్లయితే గోడ కింద దూలం ఎక్కడుందో చూడకుండా ఈ ఆలోచనే పెట్టుకోకూడదు.

ఇక లెక్క. నువ్వు చెప్పిందాన్ని బట్టి గది లోపల తూర్పు పడమరలు 10 అడుగులు, ఉత్తర దక్షిణాలు 12. చుట్టూ తొమ్మిదంగుళాల గోడ, లేవాల్సిన ఎత్తు 10 అడుగులు. ఇప్పటికి బేస్‌మెంటు పూర్తయి, దాని మీద గోడలు మూడడుగులు లేచాయి. ఇప్పుడు పడమటి గోడను రెండడుగులు బయటికి జరిపి 12కు 12 గది చేయాలి.

చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. నేల 120 చదరపు అడుగుల నుంచి 144కు పెరిగింది కదా, ఇటుకా ఐదో వంతు పెరుగుతుందనుకుంటారు. ఇటుక లెక్క నేలను బట్టి పోదు, గోడ పొడవును బట్టి పోతుంది. గోడ మందంలో సగం దగ్గర గీత గీసి చుట్టూ కొలిస్తే మూలలు రెండుసార్లు లెక్కలోకి రావు. అలా చూస్తే పాత గది చుట్టుకొలత 47 అడుగులు, కొత్తది 51. పెరిగింది నాలుగే అడుగులు, అంటే దాదాపు పన్నెండో వంతు. పడమటి గోడ పొడవు పెరగలేదు, అది స్థలం మాత్రమే మారింది. ఉత్తరం గోడ రెండు, దక్షిణం గోడ రెండు అడుగులు సాగాయి. నాలుగడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, మొత్తం 40 చదరపు అడుగుల గోడ. కిటికీ, తలుపు కొలతలు మారలేదు కాబట్టి వాటిని తీసివేసే పని ఈ తేడా లెక్కలో లేదు.

చదరపు అడుగుకు ఎన్ని ఇటుకలు అని ఎవర్నీ అడగనక్కర్లేదు. లేచిన గోడే చెబుతుంది. టేపు తీసుకుని మూడడుగుల ఎత్తులో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టు. తరువాత మూడడుగుల పొడవులో, ఇటుక పొడవు కనబడే వరసలో ఎన్ని ఉన్నాయో చూడు. పన్నెండు వరసలు, వరసకు నాలుగు ఇటుకలు వచ్చాయనుకో. తొమ్మిదంగుళాల గోడలో ఆ నాలుగింటి వెనక మరో నాలుగు ఉంటాయి. ఇటుక తల కనబడే వరసలోనైతే ఎనిమిదీ పైకే కనబడతాయి. ఎలా చూసినా వరసకు ఎనిమిది, పన్నెండు వరసలకు 96. అవి తొమ్మిది చదరపు అడుగులవి కాబట్టి అడుగుకు పదిన్నర పైచిలుకు. మీ ఇటుక కాస్త పెద్దదైనా, మధ్యలో మాలు మందంగా పడ్డా ఈ సంఖ్య తొమ్మిదికి దగ్గరగా కూడా దిగవచ్చు. అందుకే పక్కింటి లెక్క నీకు పనికిరాదు. మన లెక్కన 40 చదరపు అడుగులకు దాదాపు 430 ఇటుకలు.

గది మొదలుపెట్టక ముందే మార్చి ఉంటే పైగోడకు అదే లెక్క. సగంలో మారుస్తున్నావు కాబట్టి మరో రెండు పద్దులు చేరతాయి, కాగితంలో వాటిని విడివిడిగా అడగాలి.

మొదటిది కూల్చే గోడ. పడమటి గోడ మూడడుగులు లేచింది. అందులో దాదాపు 410 ఇటుకలున్నాయి. ఎన్ని సాఫుగా బయటికొస్తాయన్నది కూల్చాక లెక్కపెట్టి రాయాల్సిందే, ముందే సగమనీ ముప్పావనీ ఒప్పుకోకు. మాలు పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే ఇటుక శుభ్రంగా వస్తుంది. వారాల తరబడి నీళ్లు తాగి గట్టిపడిన గోడయితే గునపం దెబ్బకు ఇటుకే విరుగుతుంది. నిన్న మొన్న కట్టిన పై వరసలను చేతి సుత్తితో నెమ్మదిగా విడదీయించు. 250 బాగా వచ్చాయనుకుంటే, అదే గోడ మళ్లీ కట్టడానికి కొత్తగా 160 కావాలి. ఇటుక తిరిగొస్తుంది కానీ అందులో పోసిన సిమెంటు తిరిగి రాదు. కాబట్టి సిమెంటు లెక్కలో ఈ గోడ మొత్తం కొత్తదే.

రెండోది నేల కిందది, నువ్వు అసలు ఊహించనిది. కొత్త పడమటి గోడకు, సాగిన రెండు ముక్కలకు కలిపి 16.75 అడుగుల పొడవున కొత్త పునాది తవ్వాలి. బేస్‌మెంటు గోడ పదమూడున్నర అంగుళాల మందం, రెండడుగుల ఎత్తు అయితే అక్కడే దాదాపు 535 ఇటుకలు పడతాయి. పైన పెరిగిన గోడకన్నా కింద కట్టేదే ఎక్కువని చూస్తున్నావుగా. పైగా పాత పునాది గాడి వెడల్పు రెండున్నర అడుగులైతే, కొత్త గాడి దాని మీదికి అర అడుగు వస్తుంది. అక్కడ మన్ను కదిలిపోయి ఉంటుంది. గట్టి నేల తగిలేదాకా, పాతదాని లోతుకే తవ్వించు. లోతు తగ్గితే కొత్త ముక్క కిందికి దిగి, పాత గోడ, కొత్త గోడ కలిసే చోట నిలువునా బీట వస్తుంది. ఆ కలిసే చోట పాత గోడను మెట్లు మెట్లుగా విప్పి, కొత్త ఇటుకను అందులోకి కలుపుతూ కట్టమని కాగితంలో రాయి. నున్నటి అంచుకు ఆనించి కడితే పూత వేశాక బాగానే కనబడుతుంది, తరువాత విడిపోతుంది. పాత పడమటి బేస్‌మెంటు గోడ ఇప్పుడు గది మధ్యలోకి వస్తుంది. దాని తల గచ్చు కింది కాంక్రీటు కంటే కిందికి కొట్టించాలి, లేకపోతే నేల ఆ గీత వెంట పగులుతుంది.

సిమెంటు విషయంలో ఒక్క కొండగుర్తు చాలు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో వెయ్యి ఇటుకలు కట్టడానికి రెండున్నర బస్తాలు పడతాయి. పైగోడలకు రెండు బస్తాలు, బేస్‌మెంటుకు ఒకటింబావు. పునాది అడుగున వేసే కాంక్రీటుకు రెండు బస్తాల దాకా. స్లాబు మాత్రం మరిచిపోకు. గోడల మీద పడే భాగంతో కలిపి అది 27 చదరపు అడుగులు పెరుగుతుంది. అయిదంగుళాల మందానికి రెండున్నర బస్తాలు. పెరిగిన గోడంతా కలిపినా ఇంత సిమెంటు తినదు. పూతకు ఒక బస్తా లోపే. అన్నీ కలిపి తొమ్మిది బస్తాల ప్రాంతం. మేస్త్రీ ఇరవై అన్నాడంటే ఎక్కడ ఎక్కువ వేశాడో పద్దుల వారీగా అడగవచ్చు. నాలుగే అంటే స్లాబో పునాదో వదిలేశాడని అర్థం.

ఇప్పుడు నీ కాగితం ఇలా రాయి:

"మేస్త్రీ గారికి నమస్కారం. పడమటి గది కొలత మారుస్తున్నాం. తూర్పు గోడ కదలదు. దాని లోపలి అంచు నుంచి కొత్త పడమటి గోడ లోపలి అంచు వరకు 12 అడుగులు రావాలి. పూతకు ముందు, ఇటుక నుంచి ఇటుకకు కొలత. ఉత్తర దక్షిణాలు ముందున్న 12 అడుగులే. గోడ మందం, ఎత్తు, కిటికీ, తలుపు కొలతలు మారవు. నేను ముగ్గు చూసేదాకా తవ్వకం మొదలుపెట్టవద్దు. ఈ కింది లెక్కలు విడివిడిగా రాసి ఇవ్వగలరు: పెరిగిన పైగోడకు ఇటుకలు, సిమెంటు; కూల్చి మళ్లీ కట్టే గోడకు ఇటుకలు, సిమెంటు; కొత్త పునాది, బేస్‌మెంటుకు; స్లాబుకు, పూతకు. ఇప్పుడు సైటులో ఉన్న ఇటుకలు, బస్తాలు ఎన్నో కూడా రాయండి. కూల్చే పనికి, మళ్లీ కట్టే పనికి కూలి ఎంతో మీరే చెప్పండి."

ఆ చివరి వాక్యం తీసేయకు. ఆయన కట్టిన గోడను ఆయన చేతే కూలగొట్టిస్తున్నావు, దానికి కూలి నువ్వివ్వాల్సిందే. ముందే అడిగితే ఆయన ఆ డబ్బును ఇటుక లెక్కలో కలుపుకోవాల్సిన అవసరం రాదు. "ఇటుక నుంచి ఇటుకకు" అన్న మాట కూడా ఉంచు. లోపల పన్నెండు అని నీ మనసులో ఉండి, ఆయన బయటి కొలతగా తీసుకుంటే రెండు గోడల మందం పోయి గది పదిన్నరే మిగులుతుంది, నువ్వు పడ్డ శ్రమకు అర అడుగు దక్కుతుంది.

కాగితం రెండు ప్రతులు రాసి, ఇద్దరూ సంతకం పెట్టి చెరొకటి ఉంచుకోండి. మార్చిన గీత ప్లాను కాగితం మీద కూడా ఎర్ర సిరాతో గీసి తేదీ వేయి. పాత ప్లాను చూసి తలుపు చట్రం చేసేవాడో కరెంటు పైపులు వేసేవాడో మళ్లీ పది అడుగుల లెక్కనే పని చేయకూడదు.

ఇటుకలు పైకీ కిందికీ కలిపి 1,120 దాకా వచ్చాయి. విరిగేవాటికి నూటికి ఐదు చేర్చి 1,175 చెప్పు. సిమెంటు మాత్రం ఇప్పుడు పునాదికి, గోడకు కావాల్సిన ఐదారు బస్తాలే తెప్పించు. స్లాబు సిమెంటు స్లాబు ముందు రోజుల్లో తెచ్చుకోవచ్చు, ఇప్పుడే తెచ్చి పెడితే గాలిలో చెమ్మకు గడ్డకడుతుంది. ముగ్గు పోశాక నాకు ఫోన్ చేయి. మూల నుంచి మూలకు రెండు ఐమూలలూ కొలిచి చెప్పు, సమానంగా వస్తేనే తవ్వకం మొదలుపెట్టించు.

మీ పెదనాన్న