టెక్ సందేహాలు: అక్షరాలు ఆరు, బ్రెయిలీ గళ్లు ఐదే!

ప్రశ్న: మారతహళ్లిలో మా ఆఫీసు మెట్ల తలుపు పక్కన ఇంగ్లిష్‌లో ‘స్టెయిర్స్’ అని బోర్డు ఉంది. దాని కింద ఉబ్బెత్తు చుక్కలున్నాయి. ఫొటో తీసి చూస్తే ఐదు గుంపులే కనిపించాయి. స్పెల్లింగ్‌లో ఆరు అక్షరాలు కదా! ఫొటోలోని అక్షరాలు చదివే యాప్‌ పైనున్న ఇంగ్లిష్ మాత్రమే చదివింది. బోర్డు తప్పా, నా లెక్క తప్పా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండూ కరెక్టే. మీరు పంపిన ఫొటోలో చుక్కలు ఇలా ఉన్నాయి:

⠌⠁⠊⠗⠎

మొదటి గడి ఒక్కటే రెండు అక్షరాల పని చేస్తోంది. అదెలాగో తెలియాలంటే ముందు చుక్కల నంబర్లు తెలియాలి. ఒక గడిలో చుక్కలకు ఆరు చోట్లు ఉంటాయి. ఎడమ వరసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో అలాగే 4, 5, 6. ఏ చోట చుక్క ఉంది, ఏ చోట లేదు అన్నదాన్ని బట్టే అక్షరం మారుతుంది.

ఇప్పుడు చివరి నుంచి వద్దాం. ఐదో గడిలో 2, 3, 4 చుక్కలున్నాయి, అది ఎస్. నాలుగోది 1, 2, 3, 5, అంటే ఆర్. మూడోది 2, 4, అది ఐ. రెండోదానిలో 1 ఒక్కటే, అది ఎ. ఇక్కడ ఐని, ఎస్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. ఐకి అడుగున 3వ చుక్క చేరిస్తే ఎస్ అయిపోయింది! ఇది యాదృచ్ఛికం కాదు. ఇంగ్లిష్‌లో మొదటి పది అక్షరాలు, అంటే ఎ నుంచి జె వరకు, పై నాలుగు చుక్కలతోనే వస్తాయి. వాటికే వరసగా 3వ చుక్క కలిపితే కె నుంచి టి వరకు తర్వాతి పది తయారవుతాయి. ఐ తొమ్మిదోది, ఎస్ పంతొమ్మిదోది. హెచ్‌కి 3 కలిపితే వచ్చేదే మీ బోర్డులోని ఆర్.

మిగిలింది మొదటి గడి. అందులో 3, 4 చుక్కలున్నాయి. విడి అక్షరాల పట్టికలో ఎంత వెతికినా అది దొరకదు. తరచూ కలిసి వచ్చే అక్షరాలకు ఒకే గడి వాడే పద్ధతి ఒకటుంది, దాన్ని గ్రేడ్ 2 అంటారు. అందులో ఈ గడి అర్థం ‘ఎస్, టి’ జంట. చదివే వేలికి ఒక గడి తగ్గుతుంది, బోర్డులో చోటూ కలిసొస్తుంది. విడివిడిగా రాసే గ్రేడ్ 1 బోర్డయితే ⠎⠞⠁⠊⠗⠎ అని మీరు అనుకున్నట్టే ఆరు గళ్లు ఉండేవి. ఇంకో సంగతి. ఇదే 3, 4 గడిని తెలుగు బ్రెయిలీలో చూస్తే అది ‘ఐ’ అచ్చు. కాబట్టి చుక్కలు చదివే ముందు అది ఏ భాష బోర్డో తేల్చుకోవాలి.

ఇక యాప్ సంగతి. అలాంటి యాప్‌లు మామూలుగా ముదురు, లేత రంగుల తేడాతో అక్షరాలను పట్టుకుంటాయి. మీ బోర్డులో చుక్కలదీ పలకదీ ఒకటే రంగు. చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరే, కెమెరాకు దొరికేది దాని నీడ మాత్రమే. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఆ నీడ కూడా పోతుంది. ఫ్లాష్ ఆపేసి, ఇంకో ఫోన్ టార్చిని పలకకు ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టుకుని ఫొటో తీయండి. ప్రతి చుక్కకూ ఒకవైపు మెరుపు, రెండో వైపు నీడ వస్తాయి.

ఫోన్‌ను మాత్రం వాల్చకండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక గడిలో రెండు వరసల మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ గడి కుడి వరస నుంచి పక్క గడి ఎడమ వరసకు సుమారు మూడున్నర. తేడా ఒక్క మిల్లీమీటరే! ఏటవాలు ఫొటోలో అది కనిపించదు, ఒక గడి చుక్క పక్క గడిలోకి వెళ్లిపోయినట్టుంటుంది. మీ బోర్డులో ఎ గడికి ఒక్క చుక్కే ఉంది కాబట్టి అక్కడ మొదలుపెడితే తికమకే. రెండు వరసలూ కనిపించే ఆర్ దగ్గర గీతలు గీసుకుని అటూ ఇటూ కొలుచుకుంటూ వెళ్లండి.

బ్రెయిలీ పట్టీని విడిగా అతికించే చోట అది తలకిందులయ్యే అవకాశమూ ఉంది. అలా అయితే మొదటి గడిలో 3, 4, 5 కనిపించేవి. 3, 4 గడి తలకిందులైనా రూపం మారదు, కానీ వరసలో చివరికి పోయేది. మీ ఫొటోలో అది మొదట్లోనే ఉంది, బోర్డు సరిగ్గానే బిగించారు.

చదివినదాన్ని కంప్యూటర్‌లో టైప్ చేసి ఫొటోతో పోల్చుకోవచ్చు. యూనికోడ్‌లో 1 నుంచి 6 చుక్కల విలువలు వరసగా 1, 2, 4, 8, 16, 32. ఉన్న చుక్కల విలువలు కూడి, యూనికోడ్‌లో బ్రెయిలీ గళ్లు మొదలయ్యే 0x2800 అనే సంఖ్యకు కలిపితే చాలు. మీ మొదటి గడికి పైథాన్‌లో ఇలా:

```
print(chr(0x2800 + 4 + 8))
```

తెర మీద ⠌ వస్తుంది.